క్యాటరింగ్ వాళ్లకు ఉత్తరం: ప్లేటు రేటులో ఏమేం కలిశాయో రాతలో రాబట్టడం ఎలా

పెళ్లి భోజనాల గురించి ఫోన్‌లో అడిగితే ఎవరైనా ముందు చెప్పేది ఒకే ఒక్క అంకె: ప్లేటుకు ఇంత. ఆ అంకె అబద్ధమేమీ కాదు. కాకపోతే ఒకరి ప్లేటులో వంట మాత్రమే ఉంటుంది, ఇంకొకరి ప్లేటులో వంటతో పాటు వడ్డన, బల్లలు, గ్లాసులు, మంచినీళ్లు, చెత్త ఎత్తడం, పన్ను అన్నీ ఉంటాయి. ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి తక్కువగా ఉన్నదాన్ని ఎంచుకుంటే, పెళ్లయ్యాక చేతికొచ్చే బిల్లు తడిసి మోపెడవుతుంది.

ఇంకో సంగతి. బిల్లంటే రేటును ప్లేట్ల సంఖ్యతో గుణించడమే. బేరమంతా రేటు మీద సాగుతుంది. సంఖ్య ఎవరు లెక్కపెడతారు, ఎలా లెక్కపెడతారు అని అడిగేవాళ్లు చాలా తక్కువ. గొడవలు మాత్రం ఎక్కువగా అక్కడే వస్తాయి. కాబట్టి మీరు రాసే ఉత్తరం రెండు పనులు చేయాలి: రేటులో ఏముందో తేల్చాలి, సంఖ్య ఎలా వస్తుందో తేల్చాలి. ఈమెయిల్‌లో పంపినా, వాట్సాప్‌లో పంపినా ఫరవాలేదు. రాతలో ఉండాలి, జవాబు కూడా రాతలోనే రావాలి.

రాసే ముందు మీ దగ్గర ఉండాల్సినవి

తేదీ, చోటు, భోజనాలు మొదలయ్యే సమయం, ముగిసే సమయం. ఇవి అందరూ రాస్తారు. మరిచిపోయేది హాలు సంగతి. ముందు హాలు వాళ్లను అడగండి: వంటకు చోటు ఉందా, నీళ్లు, కరెంటు ఇస్తారా, బల్లలు, కుర్చీలు వాళ్లవేనా, బయటి క్యాటరింగ్‌కు విడిగా ఏమైనా వసూలు చేస్తారా, ఎన్నింటికి ఖాళీ చేయాలి. హాలు ఇచ్చే బల్లలకే క్యాటరింగ్ వాళ్లు మళ్లీ అద్దె వేయడం, లేదంటే ఇద్దరూ ఎదుటివాళ్లు తెస్తారనుకుని ఎవరూ తేకపోవడం, రెండూ జరిగేవే.

అతిథుల సంఖ్యను ఒక్క అంకెగా కాకుండా మూడుగా రాసుకోండి. ఎంతమందిని పిలుస్తున్నారు, ఎంతమంది వస్తారనుకుంటున్నారు, ఏం జరిగినా తప్పకుండా వచ్చేవాళ్లు ఎంతమంది. ఉత్తరంలో రేటు అడిగేది రెండో అంకె మీద. మూడోది మీ దగ్గరే దాచుకోండి, గ్యారంటీ ప్లేట్ల మాట వచ్చినప్పుడు పనికొస్తుంది. వీటితో పాటు పిల్లలెంతమంది, పనిమీద వచ్చి అక్కడే తినేవాళ్లు ఎంతమంది అనేది విడిగా వేసుకోండి. ఫొటోలు తీసేవాళ్లు, అలంకరణ వాళ్లు, సంగీతం వాళ్లు, డ్రైవర్లు కలిస్తే చిన్న సంఖ్యేమీ కాదు.

ఇక ఉత్తరం. కిందిది 300 మంది బఫే భోజనానికి రాసిన నమూనా. ఒక్కో భాగం ఎందుకలా రాశానో పక్కనే చెబుతాను, మీ వివరాలు పెట్టుకుని వాడుకోండి.

మొదటి భాగం: ఏం కావాలో ఒక్క ముక్కలో

> నమస్కారమండీ. ఫలానా తేదీన, ఫలానా హాలులో మా అమ్మాయి పెళ్లి. రాత్రి 7 నుంచి 10:30 వరకు బఫే భోజనం. పెద్దవాళ్లు సుమారు 300 మంది, పదేళ్ల లోపు పిల్లలు 30 మంది, పనివాళ్లు 15 మంది. మీతో మాట్లాడే ముందు ప్లేటు రేటును, అందులో కలిసినవాటిని రాతలో తెలుసుకోవాలనుకుంటున్నాం. ఇదే ఉత్తరం మరో ఇద్దరికి కూడా పంపాం. కింద ఒక్కో వరుసకు ఎదురుగా జవాబు రాసి ఫలానా తేదీలోగా పంపగలరు.

మరో ఇద్దరికి పంపామన్న మాటను దాచాల్సిన పని లేదు. అది బెదిరింపు కాదు. అందరికీ ఒకే ప్రశ్నలు వెళ్లాయని తెలిస్తే జవాబు కూడా అదే వరుసలో వస్తుంది. నిజంగా పంపితేనే రాయండి. గడువుగా నాలుగైదు రోజులు ఇస్తే చాలు.

ఈ భాగంలో మీ బడ్జెట్ రాయకండి. రాస్తే రేటు సరిగ్గా అక్కడికే వచ్చి ఆగుతుంది.

రెండో భాగం: మెనూ, పేర్లకన్నా ముందు లెక్క

> మెనూలో ఈ లెక్కన కావాలి: స్వాగత పానీయం 1, స్టార్టర్లు 3, ప్రధాన వంటకాలు 6, స్వీట్లు 2, ఐస్‌క్రీం 1, చివర్లో కాఫీ లేదా టీ. వంటకాల పేర్లు రుచి చూశాక ఖాయం చేసుకుంటాం. ఈ లెక్కలోపు వంటకాలు మార్చుకుంటే రేటు మారుతుందా? ఏ వంటకాలకు విడిగా డబ్బు కట్టాలి? స్టార్టర్లు ఒక్కొక్కరికి ఇన్ని అని లెక్క ఉందా, లేక అడిగినన్ని సార్లు వడ్డిస్తారా? అన్ని వంటకాలూ 10:30 దాకా నింపుతూనే ఉంటారా?

పేర్లతో మొదలుపెడితే ముగ్గురు మూడు మెనూలు పంపుతారు, పోల్చడం కుదరదు. ఎన్ని రకాలు అన్నది ముందు ఒకటిగా ఉంటే రేట్లను పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

స్టార్టర్ల ప్రశ్నను తీసేయకండి. ప్రధాన వంటకాలు ఎంత తిన్నా ఎవరూ అడగరు గానీ, ముక్కల లెక్కన తయారయ్యేవాటిని వాళ్లు మనిషికి ఇన్ని అని అనుకునే వండుతారు. ఆ సంఖ్య మీకు తెలియకపోతే తొమ్మిదింటికే ఖాళీ ట్రేలు కనిపిస్తాయి, అడిగితే 'లెక్క ప్రకారమే పెట్టాం సార్' అంటారు. వాళ్ల లెక్క వాళ్లకు సరిగ్గానే ఉంటుంది, మీకెవరూ చెప్పలేదంతే.

మూడో భాగం: కలిసినవి, కలవనివి

ఉత్తరంలో ఎక్కువ చోటు పట్టేది ఇదే. ఇక్కడ చాలామంది 'రేటులో ఏమేం ఉంటాయి?' అని అడుగుతారు. అలా అడిగితే ఉన్నవాటి జాబితా చక్కగా వస్తుంది. లేనివాటి గురించి మాత్రం ఎవరూ రాయరు, మీరు అడగలేదు కాబట్టి అది తప్పు కూడా కాదు. అందుకని జాబితా మీరే ఇవ్వాలి. వాళ్లు ఒక్కోదానికి మూడు జవాబుల్లో ఒకటి రాయాలి.

> కింది వాటిలో ఒక్కోదానికి ఎదురుగా 'కలిసింది', 'విడిగా ఇంత', 'మేం ఇవ్వం' అని మూడింట్లో ఒకటి రాయగలరు. ఖాళీగా వదిలినదాన్ని రేటులో కలిసినట్టే అనుకుంటాం.
>
> వండేవాళ్ల కూలి
> వడ్డించేవాళ్లు, ఎంతమంది, ఎన్ని గంటల వరకు
> ప్లేట్లు, గిన్నెలు, చెంచాలు, గ్లాసులు, ఏ రకం
> బఫే బల్లలు, వాటి మీద గుడ్డలు, వంటకాలు వేడిగా ఉంచే పాత్రలు
> అతిథులు కూర్చునే బల్లలు, కుర్చీలు
> మంచినీళ్లు, బాటిళ్లా, గ్లాసుల్లోనా, మనిషికి ఎన్ని
> వంట గ్యాసు, ఐసు
> సామాను తేవడం, తిరిగి తీసుకెళ్లడం
> కరెంటు పోతే జనరేటరు, దాని డీజిలు
> అప్పటికప్పుడు చేసిపెట్టే కౌంటర్లు
> ఎంగిలి ప్లేట్లు తీయడం, చెత్త బయటికి తరలించడం
> విరిగిన, పోయిన సామానుకు డబ్బు, ఒక్కోదానికి ఎంత
> 10:30 దాటితే గంటకు ఎంత
> మిగిలిన వంట ఎవరిది, దాన్ని సర్ది ఇవ్వడానికి డబ్బాలు

'ఖాళీగా వదిలినదాన్ని రేటులో కలిసినట్టే అనుకుంటాం' అన్న వాక్యం మీద కాస్త నిలబడండి. అది ఉంటే జాబితాను పూర్తిగా నింపాల్సిన అవసరం వాళ్లకు వస్తుంది. లేకపోతే నాలుగు వరుసలు నింపి, మిగతావాటికి 'అవి చూసుకుందాం లెండి' అని ఫోన్ చేస్తారు. మీరు అలా అనుకున్నంత మాత్రాన వాళ్లు ఒప్పుకున్నట్టు కాదు, అది నిజమే. ఖాళీలు పూర్తయ్యేదాకా అడ్వాన్సు ఇవ్వకుండా ఉంటే ఆ వాక్యానికి బలం వస్తుంది.

వడ్డించేవాళ్ల సంఖ్యను అంకెలో అడగండి, 'సరిపడా' అన్న మాట ఒప్పుకోకండి. బఫేకు సుమారు 25 మంది అతిథులకు ఒకరు, కూర్చోబెట్టి వడ్డిస్తే 10 నుంచి 15 మందికి ఒకరు అన్నది అంచనాకు పనికొచ్చే లెక్క. 300 మంది బఫేకు ఆరుగురే వస్తారని జవాబొస్తే రేటు ఎందుకు తగ్గిందో అక్కడే తెలిసిపోతుంది.

మిగిలిన వంట గురించి అడగడానికి కొందరు మొహమాటపడతారు. అక్కర్లేదు. కొందరు ఇస్తారు, కొందరు ఇవ్వరు. ఇవ్వకపోవడానికి న్యాయమైన కారణమూ ఉంటుంది. వండిన పదార్థాన్ని మామూలు గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచకూడదని, వడ్డించేదాకా 60 డిగ్రీల సెల్సియస్‌కు పైన వేడిగా ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మూడు గంటలు బల్ల మీద చల్లారినదాన్ని డబ్బాల్లో పెట్టించుకుని పంచితే మరునాడు ఎవరికైనా కడుపు పాడైనప్పుడు వేలు వంటవాళ్ల వైపే చూపిస్తాం. కాబట్టి అడగాల్సింది బల్ల మీదికి రాకుండా పొయ్యి దగ్గరే వేడిగా మిగిలిన వంట గురించి.

నాలుగో భాగం: ప్లేటును ఎలా లెక్కపెడతారు

ఇంతదాకా రేటు. ఇప్పుడు సంఖ్య.

బఫేలో జరిగేది కాస్త దగ్గరగా చూడండి. ఒకతను తినడం మొదలుపెడతాడు, మధ్యలో ఎవరో పలకరిస్తారు, ప్లేటు ఒక మూల పెట్టి వెళ్తాడు. తిరిగొచ్చేసరికి అది తీసేసి ఉంటుంది. కొత్త ప్లేటు తీసుకుంటాడు. ఒకావిడ ప్లేటు పచ్చడి చేసుకున్న పిల్లవాడికి శుభ్రమైనది ఇంకోటి అందిస్తుంది. ఇంకొకరు స్వీటు కోసం చిన్న గిన్నె దొరక్క పెద్ద ప్లేటే తీసుకుంటారు. భోంచేసింది ముగ్గురు, ఖర్చయింది ఆరు ప్లేట్లు. క్యాటరింగ్ వాళ్ల లెక్క తీసిన ప్లేట్ల మీదయితే మీకు పడేది ఆరు. ఇందులో మోసం లేదు, లెక్కపెట్టే పద్ధతే అంత.

లెక్కకు మామూలుగా మూడు దారులున్నాయి. బయట పెట్టిన ప్లేట్లలోంచి మిగిలినవి తీసేసి లెక్కించడం ఒకటి. లోపలికి వచ్చిన మనుషులను తలుపు దగ్గర లెక్కించడం, లేదా టోకెన్ ఇవ్వడం రెండోది. ఎంతమంది వచ్చినా ముందే అనుకున్న సంఖ్యకే కట్టడం మూడోది. నా మటుకు మూడోది, చివర్లో సంఖ్యను కాస్త పెంచుకునే, తగ్గించుకునే వెసులుబాటుతో, అన్నిటికన్నా తలనొప్పి తక్కువ. పెళ్లి రాత్రి ప్లేట్లు లెక్కపెడుతూ కూర్చునే తీరిక ఇంట్లో ఎవరికీ ఉండదు. ప్లేట్ల లెక్కే అయితే మాత్రం ఇద్దరి తరఫున ఒక్కొక్కరు నిలబడి చేసుకోవాలి.

> ప్లేట్ల లెక్క ఎలా చేస్తారు? ప్లేట్లు లెక్కపెట్టేట్టయితే: మొదలుపెట్టే ముందు బయట పెట్టిన ప్లేట్లను, ముగిశాక మిగిలిన శుభ్రమైన ప్లేట్లను మీ మనిషి, మా మనిషి కలిసి లెక్కించి ఒకే కాగితం మీద సంతకం చేయాలని కోరుతున్నాం. మధ్యలో కొత్త కట్టలు విప్పితే అప్పుడే ఆ కాగితంలో రాయాలి. స్వీటు, ఐస్‌క్రీం గిన్నెలు లెక్కలోకి రావు. ఒకే మనిషి రెండో ప్లేటు తీసుకున్నవాటి కోసం మొత్తం మీద ఎంత శాతం తగ్గిస్తారు?
>
> కనీసం ఎన్ని ప్లేట్లకు గ్యారంటీ అడుగుతారు? చివరి సంఖ్య మీకు ఎన్ని రోజుల ముందు చెప్పాలి? ఆ తర్వాత ఎంతవరకు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు? చెప్పిన సంఖ్య దాటితే అదనపు ప్లేటుకు అదే రేటా, వేరే రేటా? చెప్పినదానికి మించి ఎంతమందికి వంట సిద్ధంగా ఉంచుతారు?
>
> పిల్లల ప్లేటు ఎంత, ఏ వయసు వరకు? పనివాళ్ల భోజనం ఎంత? పూర్తి రేటా, తక్కువ మెనూతో తక్కువ రేటా?

గ్యారంటీ అంటే, మీ ఇంటికి అంతమంది రాకపోయినా అంతమంది డబ్బు మీరు కట్టాల్సిందే. దాన్ని అడగడం వాళ్ల హక్కు, సరుకు కొన్నాక వెనక్కి ఇవ్వలేరు కదా. బేరమాడాల్సింది ఆ సంఖ్య మీద. మీరు దాచుకున్న మూడో అంకె, తప్పకుండా వచ్చేవాళ్లది, ఇప్పుడు బయటికి తీయండి. గ్యారంటీ దాని దగ్గరలో ఉండాలి. 300 మంది వస్తారనుకుంటే 300కే గ్యారంటీ ఇవ్వడమంటే, రానివాళ్ల భారమంతా మీరే ఎత్తుకోవడం.

ఐదో భాగం: ఆఖరి అంకె

> 300 మందికి అన్నీ కలిపి, పన్నుతో సహా, మేం కట్టాల్సిన మొత్తం ఎంత? దాన్ని 300తో భాగిస్తే ప్లేటుకు ఎంత పడుతుంది? పన్ను ఎంత శాతం, దేని మీద? సర్వీసు చార్జీ ఉంటే ఎంత, దాని మీద కూడా పన్ను పడుతుందా? ఇవాళ ఇచ్చే ఈ రేటు పెళ్లి తేదీ దాకా నిలుస్తుందా? సరుకుల ధరలు పెరిగితే రేటు మారుతుందా?
>
> అడ్వాన్సు ఎంత, మిగతాది ఎప్పుడెప్పుడు? తేదీ మారినా, రద్దయినా ఎంత వెనక్కి వస్తుంది?
>
> ఇందులో లేని ఖర్చు ఏదొచ్చినా ముందుగా మా తరఫున ఫలానావారిని అడిగి, మెసేజ్‌లో సరే అనిపించుకున్నాకే చేయాలని కోరుతున్నాం. జవాబు కోసం ఎదురుచూస్తుంటాం. ఇట్లు, పేరు, ఫోన్ నంబరు.

'మా తరఫున ఫలానావారు' ఒక్కరే ఉండాలి. అమ్మాయి మేనమామ ఒకటి, అబ్బాయి బాబాయి ఒకటి వంటవాళ్లకు చెప్పే పెళ్లిలో ఎక్స్‌ట్రా కౌంటర్ ఎవరు పెట్టమన్నారో తర్వాత ఎవరికీ గుర్తుండదు. ఆ మనిషి పెళ్లికూతురి తల్లిదండ్రులు కాకుండా చూసుకుంటే ఇంకా మంచిది, ఆ రాత్రి వాళ్లకున్న టెన్షన్ చాలు.

జవాబులు వచ్చాక: ఒక లెక్క

ఇద్దరి జవాబులు వచ్చాయనుకుందాం. ఎక్కడి డబ్బయినా సరిపోయేలా, మొదటివాళ్ల రేటును 100 అనుకుని లెక్క వేద్దాం.

మొదటివాళ్లు ప్లేటుకు 100 అన్నారు. కానీ జాబితా నింపాక బయటపడింది ఇది: సర్వీసు చార్జీ 10 శాతం విడిగా. సామాను అద్దె మొత్తం 2,400. రవాణా 600. వీటన్నిటి మీద పన్ను 5 శాతం. 300 మందికి పంచితే అద్దె ప్లేటుకు 8, రవాణా 2. అంటే 100కు 10, 8, 2 కలిపితే 120. దాని మీద పన్ను 6. ప్లేటు 126. గ్యారంటీ 300.

రెండోవాళ్లు ప్లేటుకు 120 అన్నారు. సామాను, రవాణా, సర్వీసు, పన్ను అన్నీ అందులోనే. గ్యారంటీ 240.

ఫోన్‌లో విన్నప్పుడు మొదటివాళ్లు 20 తక్కువ. కాగితం మీద 6 ఎక్కువ. ఇక్కడితో ఆగకుండా సంఖ్యను కూడా కదిపి చూడండి. వాన పడి 260 మందే వచ్చారనుకోండి. మొదటివాళ్లకు గ్యారంటీ 300 కాబట్టి 37,800 కట్టాలి. వచ్చిన 260 మందికి పంచితే ప్లేటు 145 దాటింది. రెండోవాళ్లకు 260 ప్లేట్లకు 31,200, ప్లేటు 120 దగ్గరే ఉంది. తేడా 6,600. ఇందులో ఎక్కువ భాగం రేటు నుంచి రాలేదు. 40 మంది రాకపోయినా కట్టిన 5,040 గ్యారంటీ నుంచి వచ్చింది.

ఇలా ముగ్గురివీ మూడు సంఖ్యలకు వేసి చూసుకోండి: అనుకున్నంతమంది వస్తే, తక్కువ వస్తే, ఎక్కువ వస్తే. ఎక్కువ వచ్చినప్పుడు అదనపు ప్లేటు రేటు లెక్కలోకి వస్తుంది. ఆ రేటు మామూలు రేటు కంటే బాగా ఎక్కువగా ఉంటే, చివరి సంఖ్య చెప్పేటప్పుడు నాలుగైదు శాతం పెంచి చెప్పడమా, తగ్గించి చెప్పడమా అన్నది అప్పుడు తేలుతుంది.

ఎక్కువ చెప్పినవాళ్లనే ఎంచుకోవాలని నేననడం లేదు. 100 అన్నవాళ్ల చేతి వంట మీకు నచ్చి ఉండవచ్చు. అప్పుడు రెండోవాళ్ల కాగితం చూపించకుండానే, 'గ్యారంటీ 250కి తగ్గించండి, అద్దె రేటులో కలపండి' అని అడగవచ్చు. ఏది అడగాలో తెలిసి ఆడే బేరం వేరు.

జవాబులో పట్టుకోవాల్సిన మాటలు

'మొదలైనవి' అని ఉంటే ఆ వరుసలో ఏముందో మీకు తెలియదన్నమాట. 'అవసరాన్ని బట్టి' అంటే ఎవరి అవసరం, ఎవరు నిర్ణయిస్తారు అని అడగండి. 'స్టాండర్డ్ సామాను' అంటే ఫొటో పంపమనండి. 'పన్నులు అదనం' అని ఉండి శాతం లేకపోతే జవాబు రానట్టే. 'అవన్నీ మీకు చేసేస్తాం సార్' అన్నది ఫోన్‌లో వినడానికి బాగుంటుంది, బిల్లులో దానికి వరుస ఉండదు.

ఇలాంటివి కనిపిస్తే కొత్తగా పెద్ద ఉత్తరం అక్కర్లేదు. ఏ వరుస గురించో చెబుతూ రెండు మూడు ప్రశ్నలు చాలు.

> మీ జవాబుకు ధన్యవాదాలండీ. మూడు విషయాలు స్పష్టం చేయగలరు. మంచినీళ్లకు 'తగినన్ని' అన్నారు, మనిషికి ఎన్ని బాటిళ్లు? జనరేటరు కలిసింది అన్నారు, డీజిలు కూడా కలిసిందా? 10:30 దాటితే రేటు రాయలేదు, గంటకు ఎంత?

చాలామంది ఈ రెండో ఉత్తరానికి జవాబు రాయకుండా ఫోన్ చేస్తారు. మాట్లాడండి, మర్యాదగానే. ఫోన్ పెట్టేసిన అరగంటలో మీరే మెసేజ్ పెట్టండి.

> ఇందాక ఫోన్‌లో అనుకున్నవి: మనిషికి రెండు బాటిళ్లు, డీజిలు మీదే, 11:30 వరకు అదనపు చార్జీ లేదు. ఇవి సరేనా?

'సరే' అన్న ఒక్క మాట వచ్చినా చాలు, అది రాతే. రాకపోతే మరునాడు ఇంకోసారి అడగండి. అప్పటికీ రాకపోతే, అడ్వాన్సు ఇచ్చే రోజున రసీదు వెనకాలైనా సరే వాళ్ల చేతే రాయించుకోండి.

చివరికి ఒకరిని ఖాయం చేసుకున్నాక ఒప్పంద పత్రంలో సాధారణంగా మెనూ, తేదీ, మొత్తం మాత్రమే ఉంటాయి. మీ ఉత్తరం, వాళ్లు నింపిన జాబితా, ఆ తర్వాతి మెసేజ్‌లు ప్రింట్ తీసి దానికి జతచేయండి. 'జతపరచిన జాబితా ఈ ఒప్పందంలో భాగం' అని ఒక వాక్యం ఒప్పందంలో రాయించి, జాబితా ప్రతి పేజీ మీదా ఇద్దరూ సంతకం చేయండి. ఒక కాపీ ఆ రాత్రి లెక్క చూసుకునే మీ మనిషి జేబులో ఉండాలి.